డ్రాయింగ్ 21 రోజులు ఆలస్యం, ప్రాజెక్టు 11 రోజులు ఆలస్యం: నోటీసు ఉత్తరంలో ఈ లెక్క ఎలా చూపాలి

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువమంది సైట్లో ప్లానింగ్, బిల్లింగ్ చూసేవాళ్లే కాబట్టి సూటిగా విషయంలోకి వెళ్తాను. ఈ రోజు ఒకే ఒక్క ఉత్తరం గురించి మాట్లాడతాను. డ్రాయింగ్ రావాల్సిన రోజుకి రాలేదు, దానివల్ల పని పూర్తయ్యే తేదీ వెనక్కి పోతోంది అని కాంట్రాక్టర్ ఓనర్‌కి రాసే నోటీసు ఉత్తరం.

ఈ ఉత్తరం మన సైట్లలో మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలుసు. "ఫలానా ఫలానా డ్రాయింగులు ఇంకా అందలేదు. దీనివల్ల సైట్లో పని తీవ్రంగా దెబ్బతింటోంది. దయచేసి వెంటనే ఇప్పించగలరు. తగినంత గడువు పొడిగింపు కోరే హక్కు మాకు ఉందని తెలియజేస్తున్నాము." కింద పన్నెండు డ్రాయింగుల పట్టిక, దాని కింద సంతకం. ఇలాంటి ఉత్తరాలు ఒక్కో ప్రాజెక్టులో ఫైలు నిండా ఉంటాయి. మూడేళ్ల తర్వాత ఆర్బిట్రేషన్‌లో ఆ ఫైలు తెరిస్తే, డ్రాయింగులు ఆలస్యంగా వచ్చాయని మాత్రం తేలుతుంది. ప్రాజెక్టు ఆ డ్రాయింగుల వల్లే ఆలస్యమైందని తేలదు. అవి రెండు వేర్వేరు విషయాలు. రెండో దానికే గడువు పెంచుతారు, ఆలస్యానికి మన మీద పడే లిక్విడేటెడ్ డ్యామేజెస్, అంటే ఎల్‌డీ, రెండో దానికే ఆగుతాయి.

కాబట్టి ఆ ఉత్తరంలో నాలుగు మెట్లు వరసగా కనిపించాలి. ఏ డ్రాయింగ్, ఏ రోజుకి కావాలి. ఆ డ్రాయింగ్ లేకపోతే ఏ పని మొదలవదు. ఆ పని క్రిటికల్ పాత్ మీద, అంటే ఒక రోజు జారితే ముగింపు తేదీని కూడా ఒక రోజు జరిపే పనుల వరసలో ఉందా. ఉంటే ప్రాజెక్టు ముగింపు తేదీ ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగింది. మన ఉత్తరాలు దాదాపు అన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క వేద్దాం. ఇది పాఠం కోసం కూర్చిన లెక్క, కానీ ఇందులో ఉన్న ప్రతి మలుపూ సైట్లో జరిగేదే. ఒక హాస్పిటల్ బిల్డింగ్. ఒక బేస్‌మెంటు, పైన ఐదంతస్తులు. డిజైన్ ఓనర్ పెట్టుకున్న కన్సల్టెంట్‌ది, కట్టేది మనం. కాంట్రాక్టు ఫిడిక్ అనే అంతర్జాతీయ సంస్థ నమూనా కాంట్రాక్టు, 1999 రెడ్ బుక్, ఆధారంగా రాసుకున్నది. ముగింపు తేదీ మార్చి 31.

మొదటి స్లాబ్, అంటే బేస్‌మెంటు పైకప్పు, దాని స్టీల్ డ్రాయింగ్ మన ప్రోగ్రామ్‌లో మే 15కి రావాలి. ఈ మే 15 ఎక్కడి నుంచి వచ్చింది? చాలామంది ప్లానింగ్ ఇంజనీర్లు ఇక్కడ ఉజ్జాయింపుగా ఒక తేదీ వేసేస్తారు, తర్వాత ఎవరైనా అడిగితే చెప్పలేరు. మనం వెనక నుంచి లెక్కపెడదాం. స్లాబ్ మీద స్టీల్ కట్టడం జూన్ 9న మొదలవ్వాలి. దానికి ముందు కటింగ్, బెండింగ్‌కి 4 రోజులు. దానికి ముందు స్టీల్ తెప్పించుకోవడానికి 15 రోజులు. దానికి ముందు బార్ బెండింగ్ షెడ్యూల్, అంటే బీబీఎస్, తయారు చేసి, చెక్ చేయడానికి 6 రోజులు. మొత్తం 25. జూన్ 9 నుంచి 25 రోజులు వెనక్కి వెళ్తే మే 15. ఈ విడగొట్టిన లెక్క ఉత్తరంలో ఉండాలి. ఓనర్ తరఫున క్వాంటిటీ సర్వేయరో, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంటో మొదట అడిగే ప్రశ్న ఇదే: డ్రాయింగ్ నీకు మే 15కే ఎందుకు కావాలి?

ప్రోగ్రామ్‌లో కూడా ఇది కనిపించాలి. డ్రాయింగ్ అందుకోవడం ఒక మైల్‌స్టోన్‌గా పెట్టి, దాని నుంచి బీబీఎస్‌కి, అక్కడి నుంచి స్టీల్‌కి, కటింగ్‌కి, కట్టడానికి లింకులు గీయాలి. మన బేస్‌లైన్ ప్రోగ్రామ్‌లలో పనుల మధ్య లింకులు బాగానే ఉంటాయి, డ్రాయింగులకి మాత్రం లింకు ఉండదు. ఎక్కడో అనుబంధంలో డ్రాయింగ్ షెడ్యూల్ అని ఒక ఎక్సెల్ పట్టిక పడి ఉంటుంది. లింకు లేకపోతే డ్రాయింగ్ ఎన్ని నెలలు ఆలస్యమైనా ప్రైమవేరాలో ముగింపు తేదీ ఒక్క రోజు కూడా కదలదు. అప్పుడు క్లెయిమ్ కోసం కొత్తగా లింకులు గీయాల్సి వస్తుంది. అవి తర్వాత అల్లినవే కదా అని అవతలి పక్షం అనడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ఇప్పుడు తేదీల దగ్గరికి వద్దాం. ఏప్రిల్ చివర్లో కన్సల్టెంట్ ఆఫీసులో ఆ డ్రాయింగ్ ఇంకా మొదలే పెట్టలేదని మనకి తెలిసింది. ఇక్కడ మొదటి ఉత్తరం. ఇది క్లెయిమ్ ఉత్తరం కాదు, ముందస్తు హెచ్చరిక. రెడ్ బుక్ 1.9 క్లాజు దీన్నే అడుగుతుంది. అవసరమైన డ్రాయింగ్ సమంజసమైన ఒక గడువులోగా రాకపోతే పని ఆలస్యం అయ్యేలా ఉంటే కాంట్రాక్టర్ నోటీసు ఇవ్వాలి. అందులో ఏ డ్రాయింగ్, ఎందుకు కావాలి, ఎప్పటిలోగా కావాలి, రాకపోతే ఎలాంటి ఆలస్యం ఎంత రావచ్చు, ఇవన్నీ చెప్పాలి. ఇలా చెప్పిన తర్వాత కూడా, ఓనర్ తరఫున కాంట్రాక్టు నడిపే ఇంజనీర్ ఆ గడువులో ఇవ్వకపోతే గడువు పొడిగింపుకీ, ఖర్చుకీ, దాని మీద సమంజసమైన లాభానికీ దారి తెరుచుకుంటుంది. దీన్ని మనవాళ్లు బాగా అశ్రద్ధ చేస్తారు. వారం వారం మీటింగ్ మినిట్స్‌లో "పెండింగ్ డ్రాయింగులు" అని ఒక లైను ఉంటే చాలనుకుంటారు. ఆ లైనులో ఎందుకు, ఎప్పటికి, లేకపోతే ఏమవుతుంది అనేవి ఉండవు. మినిట్స్ సాక్ష్యంగా పనికొస్తాయి, నోటీసుకి బదులుగా నిలబడతాయని మాత్రం నమ్ముకోవద్దు.

మన ఉదాహరణలో ఏప్రిల్ 28న ఈ హెచ్చరిక వెళ్లింది. మే 15 వచ్చింది, డ్రాయింగ్ రాలేదు. ఇక్కడ గడియారం మొదలవుతుంది. 1999 రెడ్ బుక్ 20.1 క్లాజు ప్రకారం, సంఘటన గురించి తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే గడువూ పెరగదు, డబ్బూ రాదు, ఓనర్ బాధ్యత తీరిపోతుంది అని ఆ క్లాజే చెబుతుంది. 2017 ఎడిషన్‌లో ఈ నంబరు 20.2కి మారింది, కానీ 28 రోజులు అలాగే ఉన్నాయి. సీపీడబ్ల్యూడీ పనుల్లో అయితే 5వ క్లాజు కింద సంఘటన జరిగిన 14 రోజుల్లోగా వాళ్ల ఫారంలో అడగాలి, హిండ్రెన్స్ రిజిస్టర్‌లో ఎంట్రీ పడాలి. మీ కాంట్రాక్టులో స్పెషల్ కండిషన్స్ ఈ రోజుల్ని 7కి తగ్గించి ఉండొచ్చు, అది మొదటి రోజే చూసుకోండి.

"తెలిసి ఉండాల్సిన రోజు" అనే మాట దగ్గర కాస్త ఆగాలి. జిబ్రాల్టర్ ఎయిర్‌పోర్టు రన్‌వే కింద టన్నెల్, రోడ్డు కట్టిన కాంట్రాక్టు మీద ఒబ్రాస్కాన్ అనే స్పానిష్ కంపెనీకీ, అక్కడి ప్రభుత్వానికీ ఇంగ్లండ్ కోర్టులో 2014లో ఒక తీర్పు వచ్చింది. అది ఫిడిక్ ఎల్లో బుక్ కాంట్రాక్టు, 20.1 క్లాజు మాత్రం ఇలాంటిదే. ఆలస్యం ఇక ముందు రాబోతున్నా, ఇప్పటికే వచ్చేసినా నోటీసు ఇవ్వొచ్చని, ఈ క్లాజుని కాంట్రాక్టర్ మీద మరీ బిగించి చదవకూడదని ఆ జడ్జి అన్నారు. మనకి ఊరటే. కానీ ఆ ఊరటని నమ్ముకుని నోటీసు ఆలస్యం చేయకండి. మనం చేసేదల్లా అన్నింటికన్నా ముందు వచ్చే తేదీ నుంచి లెక్కపెట్టడం. మన ఉదాహరణలో ఆ తేదీ మే 16. అక్కడి నుంచి 28 రోజులంటే జూన్ 13. మన నోటీసు మే 22న వెళ్తుంది.

మే 22కి ఇంకా డ్రాయింగ్ రాలేదు కదా, ఎన్ని రోజుల ఆలస్యమని రాయాలి? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "మొత్తం లెక్క తేలాక రాద్దాం" అంటారు. లెక్క తేలేసరికి 28 రోజులు దాటిపోతాయి. నోటీసులో మొత్తం లెక్క అవసరం లేదు. సంఘటన ఏమిటో, ఏ పనిని పట్టుకుందో, అది ఇప్పటికి ముగింపు తేదీని ఎలా కదుపుతోందో చెబితే చాలు. పూర్తి వివరాలకి 1999 ఎడిషన్‌లో 42 రోజులు, 2017లో 84 రోజులు ఉన్నాయి. ప్రభావం ఇంకా సాగుతూ ఉంటే నెలనెలా మధ్యంతర వివరాలు ఇచ్చి, ప్రభావం ముగిసిన 28 రోజుల్లో తుది లెక్క ఇవ్వొచ్చని 1999 క్లాజులోనే ఉంది.

అయితే, ఆ ఇప్పటి లెక్కని నిజాయితీగా వేయాలి. ఇదే ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

మే 20 నాటికి మనం ప్రోగ్రామ్ అప్‌డేట్ చేశాం. డేటా డేట్ మే 20. అప్‌డేట్‌లో ఒక ఇబ్బందికరమైన విషయం బయటపడింది. మన షట్టరింగ్ గ్యాంగు తక్కువ పడి, షట్టరింగ్ 4 రోజులు వెనకబడింది. అంటే డ్రాయింగ్ సరిగ్గా మే 15కే వచ్చినా స్టీల్ కట్టడం జూన్ 9న మొదలయ్యేది కాదు, జూన్ 13న మొదలయ్యేది. ఇది మన తప్పు. ముగింపు తేదీ దీనివల్లే మార్చి 31 నుంచి ఏప్రిల్ 4కి జరిగింది.

ఇప్పుడు డ్రాయింగ్ సంగతి చూడండి. డ్రాయింగ్ వచ్చిన రోజు నుంచి 25 రోజులకి స్టీల్ కట్టొచ్చు. జూన్ 13 నుంచి 25 రోజులు వెనక్కి వస్తే మే 19. అంటే మే 15 నుంచి 19 వరకు డ్రాయింగ్ లేకపోయినా ముగింపు తేదీ మీద దాని ప్రభావం లేదు, ఆ నాలుగు రోజులూ షట్టరింగే పనిని ఆపి ఉంచింది. మే 20 నుంచి డ్రాయింగ్ పనిని ఆపడం మొదలైంది. అప్పటి నుంచి అది రాని ప్రతి రోజుకీ ముగింపు తేదీ ఒక రోజు వెనక్కి పోతుంది.

ఈ మాటని ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాయాలా, మన 4 రోజుల్ని దాచాలా? రాయాలి. దాచినా సైట్ డైలీ రిపోర్టుల్లో షట్టరింగ్ ఎన్ని చదరపు మీటర్లు జరిగిందో ఉంటుంది, ఓనర్ మనుషులు దాన్ని పట్టుకుంటారు. పట్టుకున్న తర్వాత మీరు అడిగిన మిగతా రోజుల్ని కూడా అనుమానంగానే చూస్తారు. మీరే చెబితే మిగిలిన లెక్కకి బలం వస్తుంది. ఒక్క జాగ్రత్త. డ్రాయింగ్ ఎలాగూ రాదని తెలిసి, అనవసరంగా పరుగెత్తడం ఎందుకని మీరే షట్టరింగ్ గ్యాంగుని వేరే పనికి పంపి ఉంటే అది మీ వైఫల్యం కాదు. కానీ ఆ నిర్ణయం తీసుకున్న రోజే రాతలో పెట్టి ఉండాలి. "ఫలానా డ్రాయింగ్ లేనందువల్ల షట్టరింగ్ వేగం తగ్గిస్తున్నాము, డ్రాయింగ్ వచ్చాక ఇన్ని రోజుల్లో వేగం అందుకుంటాము" అని. ఆరు నెలల తర్వాత ఆ మాట చెబితే నమ్మేవాళ్లు తక్కువ.

అదే సమయంలో మన పెండింగ్ పట్టికలో మరో డ్రాయింగ్ ఉంది. పైన లిఫ్ట్ మెషీన్ రూమ్ స్లాబ్‌ది. అది 40 రోజులు ఆలస్యమైంది. కానీ ఆ పనికి 55 రోజుల టోటల్ ఫ్లోట్ ఉంది. అంటే అది ఇంకో 15 రోజులు రాకపోయినా ముగింపు తేదీ కదలదు. మామూలు ఉత్తరాల్లో ఈ 40 రోజుల డ్రాయింగే మొదటి వరసలో మెరుస్తూ ఉంటుంది, ఎందుకంటే సంఖ్య పెద్దది. మన నోటీసులో దానికి చోటు లేదు. దానికి వేరే చిన్న ఉత్తరం రాస్తాం: ఫ్లోట్ ఎంత మిగిలింది, ఏ తేదీ దాటితే క్రిటికల్ అవుతుంది. ఫ్లోట్ ఎవరిదని కాంట్రాక్టు వేరేగా చెప్పకపోతే, సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా వాళ్ల 2017 ప్రోటోకాల్ ప్రకారం అది ప్రాజెక్టుది, ఓనర్ ముందు వాడుకున్నా మనం అడగలేం. కానీ ఫ్లోట్ తగ్గిపోతోందని రికార్డులో పెట్టడం మన పని. ఎందుకంటే రేపు మన స్లాబ్ గ్యాంగు ఒక వారం జారిపోతే, ఆ వారాన్ని మోసే ఫ్లోట్ అప్పటికి మిగిలి ఉండదు.

సరే, ఉత్తరం చూద్దాం. సైట్ నుంచి ఇది ఇంగ్లీషులోనే వెళ్తుంది, ఇక్కడ మనకోసం తెలుగులో చదువుతాను. మొదట ఎవరికి పంపాలి. రెడ్ బుక్‌లో ఈ నోటీసు ఇంజనీర్‌కి వెళ్తుంది. మన దగ్గర ప్రైవేట్ కాంట్రాక్టుల్లో చాలావాటిని ఓనర్‌కే పంపమని మార్చి రాస్తారు, మన ఉదాహరణలోనూ అంతే. కాబట్టి ఓనర్ పేరున, కాపీ కన్సల్టెంట్‌కి. నోటీసు చిరునామా కాంట్రాక్టు డేటాలో రాసి ఉంటుంది, దానికే పంపండి. ప్రాజెక్ట్ మేనేజర్‌కి వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు. ఇన్‌వార్డ్ స్టాంప్ పడిన కాపీ ఫైల్లో ఉండాలి.

విషయం: "20.1 క్లాజు కింద క్లెయిమ్ నోటీసు, బేస్‌మెంటు పైకప్పు స్టీల్ డ్రాయింగ్ ఆలస్యం, 1.9 మరియు 8.4 క్లాజులు." విషయం లైనులోనే క్లాజు నంబరు, క్లెయిమ్ అనే మాట పడాలి. అవి లేకపోతే అది రిమైండరా, నోటీసా అనే వాదన తర్వాత వస్తుంది.

మొదటి పేరా: "మా ఏప్రిల్ 28 నాటి ఉత్తరంలో ఫలానా నంబరు డ్రాయింగ్ మే 15లోగా నిర్మాణానికి విడుదల చేయాలని, ఎందుకు అవసరమో వివరిస్తూ తెలియజేశాము. ఈ ఉత్తరం తేదీ నాటికి ఆ డ్రాయింగ్ మాకు అందలేదు."

రెండో పేరా: "ఆ డ్రాయింగ్ అందిన తర్వాత బార్ బెండింగ్ షెడ్యూల్‌కి 6 రోజులు, స్టీల్ సేకరణకి 15 రోజులు, కటింగ్, బెండింగ్‌కి 4 రోజులు పడతాయి. ఆ తర్వాతే బేస్‌మెంటు పైకప్పుకి స్టీల్ కట్టడం మొదలవుతుంది. ప్రోగ్రామ్‌లో ఆ పని ఫలానా ఐడీ."

మూడో పేరా: "మే 20 డేటా డేట్‌తో అప్‌డేట్ చేసిన ప్రోగ్రామ్ ప్రకారం ఆ పని క్రిటికల్ పాత్ మీద ఉంది. ఆ పాత్ బేస్‌మెంటు పైకప్పు, పై అంతస్తుల స్లాబులు, ఐదో అంతస్తు గోడలు, ఎలక్ట్రికల్ మరియు ఫైర్ పనులు, టెస్టింగ్ మీదుగా ముగింపుకి చేరుతుంది. షట్టరింగ్‌లో 4 రోజుల ఆలస్యం ఉందని, అది మా బాధ్యతేనని, దానివల్ల ముగింపు అంచనా ఏప్రిల్ 4గా ఉందని గమనించగలరు. మే 19 దాటి డ్రాయింగ్ అందని ప్రతి రోజుకీ ఈ ముగింపు తేదీ అదనంగా ఒక రోజు చొప్పున వెనక్కి జరుగుతుంది."

చివరి పేరా: "ఈ ఆలస్యానికి గడువు పొడిగింపు, అదనపు ఖర్చు, దానిపై సమంజసమైన లాభం కోరుతున్నాము. ప్రభావం కొనసాగుతోంది కనుక నెలనెలా వివరాలు పంపుతాము. ఆలస్యాన్ని తగ్గించడానికి మాకు తెలిసిన వ్యాసాల స్టీల్‌ని అంచనా మీద ముందే ఆర్డర్ చేస్తున్నాము." అనుబంధాలు: అప్‌డేట్ చేసిన ప్రోగ్రామ్, క్రిటికల్ పాత్ ప్రింట్, ఏప్రిల్ 28 ఉత్తరం, డ్రాయింగ్ రిజిస్టర్.

అంతే. పేజీన్నర. ఇందులో "తీవ్రంగా", "దారుణంగా" అనే మాటలు లేవని గమనించండి.

ఇక కథ ముగింపు. డ్రాయింగ్ జూన్ 5న వచ్చింది. మే 15తో పోలిస్తే 21 రోజుల ఆలస్యం. మే 19తో పోలిస్తే 17. స్టీల్ ముందే ఆర్డర్ చేయడం వల్ల 15 రోజుల సేకరణ 9కి తగ్గింది. అంటే స్టీల్ కట్టడం జూన్ 30కి బదులు జూన్ 24న మొదలైంది. జూన్ 13 నుంచి 24కి 11 రోజులు. గడువు మార్చి 31 నుంచి ఏప్రిల్ 11కి పెరగాలి. అంచనా ముగింపు మాత్రం ఏప్రిల్ 15. మిగిలిన 4 రోజులు మనం కూడదీసుకోవాల్సినవి, లేదా ఎల్‌డీ కట్టాల్సినవి. అడగాల్సింది ఈ 11నే. 21 అడిగిన చోట 11 కూడా రాకపోవడం నేను చూశాను.

డబ్బు విషయంలో ఒక మాట. మన దేశంలో ఫిడిక్ లేని కాంట్రాక్టులే ఎక్కువ. అక్కడ కూడా ఈ నోటీసు ఎందుకు కావాలంటే, 1872 కాంట్రాక్టు చట్టంలో 55వ సెక్షన్ ఉంది. అవతలివాళ్లు చేయాల్సింది సమయానికి చేయకపోయినా, తర్వాత చేసినప్పుడు మీరు ఒప్పుకుని పని సాగిస్తే, ఒప్పుకునేటప్పుడే నష్టపరిహారం కోరతామని నోటీసు ఇవ్వకపోతే తర్వాత కోరలేరు. సర్వేష్ చోప్రా కేసులో 2002లో సుప్రీంకోర్టు దీన్ని కాంట్రాక్టర్ల విషయంలో వివరించింది. అంటే ఆలస్యంగా వచ్చిన డ్రాయింగ్‌ని మీరు మౌనంగా తీసుకుని పని మొదలుపెట్టడం కూడా ఒక సమాధానం కిందే లెక్క.

ఇక మన రాష్ట్రాల్లో ప్రభుత్వ పనుల గురించి. పాత ఏపీ డీటెయిల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్‌లో 59వ క్లాజు ఉంది. ఆలస్యానికి నష్టపరిహారం అడగలేం, గడువు మాత్రం పెంచుతారు అని దాని సారం. మన హైకోర్టు ఆ క్లాజుని సమర్థించింది. అలాంటి కాంట్రాక్టులో ఈ ఉత్తరం డబ్బు తేకపోవచ్చు, కానీ ఎల్‌డీ నుంచి కాపాడేది ఇదే. ఎక్స్‌టెన్షన్ ఇచ్చేటప్పుడు "ఎలాంటి క్లెయిమ్ చేయము" అని రాసి ఇమ్మంటారు. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు కాంట్రాక్టుల విభాగాన్ని అడగండి, సైట్లో తొందరపడొద్దు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక శ్రోత: మా బేస్‌లైన్ ప్రోగ్రామ్‌ని కన్సల్టెంట్ ఎప్పుడూ అప్రూవ్ చేయలేదండీ. సబ్మిట్ చేసి ఎనిమిది నెలలైంది. అప్పుడు క్రిటికల్ పాత్ దేని మీద చూపాలి?)

ఇది చాలా సైట్లలో ఉన్న పరిస్థితే. రెడ్ బుక్ 1999లో 8.3 క్లాజు చూడండి. ప్రోగ్రామ్ అందిన 21 రోజుల్లోగా, ఇది కాంట్రాక్టుకి ఎక్కడ సరిపడలేదో ఇంజనీర్ చెప్పకపోతే కాంట్రాక్టర్ దాని ప్రకారమే సాగాలి. అప్రూవల్ అనే మాటే అక్కడ లేదు. కాబట్టి సబ్మిట్ చేసిన ట్రాన్స్‌మిటల్, 21 రోజులు దాటిన తేదీ ఉత్తరంలో చెప్పండి. మీ కాంట్రాక్టులో అప్రూవల్ తప్పనిసరి అని రాసి ఉంటే, అప్రూవ్ చేయమని రాసిన ఉత్తరాలు జత చేసి, ఇదే ఇప్పటివరకు మీ దగ్గర ఉన్న ఏకైక ప్రోగ్రామ్ అని రాయండి. ఇంకోటి, ప్రోగ్రామ్‌లో "ఈ తేదీకే మొదలవ్వాలి" అని బలవంతంగా కట్టిన తేదీలు ఎన్ని ఉన్నాయో ముందు మీరే చూసుకోండి. అవి లింకుల్ని మింగేస్తాయి, క్రిటికల్ పాత్ మధ్యలో తెగిపోతుంది. అవతలి నిపుణుడు మొట్టమొదట వెతికేది వాటినే.

(ఇంకో శ్రోత: ఇలాంటి ఉత్తరాలు రాస్తే ఓనర్‌తో సంబంధం చెడిపోతుందని మా ప్రాజెక్ట్ మేనేజర్ రాయనివ్వడు సార్.)

అర్థమవుతోంది. ఆయన టెన్షన్ కూడా నిజమే, బిల్లు పాస్ చేసేది ఓనరే కదా. రెండు పనులు చేయండి. ఉత్తరం పంపే ముందు రోజు ఓనర్ తరఫున ఉన్నవాళ్లకి ఫోన్ చేసి, కాంట్రాక్టు ప్రకారం 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి కాబట్టి ఇస్తున్నాం అని చెప్పండి. రెండోది, మొదటి నెల నుంచే ఇది మామూలు అలవాటుగా ఉండాలి. ఏడాది పాటు ఏమీ రాయకుండా, గడువు దగ్గర పడ్డాక ఒకేసారి పదిహేను నోటీసులు పంపితే అది యుద్ధంలాగే కనిపిస్తుంది. మన ఉత్తరంలో మన షట్టరింగ్ ఆలస్యం కూడా ఉంది కదా, అది చదివిన ఓనర్‌కి ఇది దాడి కాదని అర్థమవుతుంది.

(మరో శ్రోత: డ్రాయింగ్ మే 15కే వచ్చింది సార్, కానీ మధ్యలో మేఘం గీసి "హోల్డ్" అని రాశారు. అప్పుడు ఆలస్యం ఉన్నట్టా, లేనట్టా?)

మంచి ప్రశ్న, ఈ మధ్య ఇదే ఎక్కువ జరుగుతోంది. రిజిస్టర్‌లో డ్రాయింగ్ సమయానికి ఇచ్చినట్టు తేదీ పడుతుంది, మనకి మాత్రం పనికి రాదు. ముందు స్టాంప్ చూడండి. "గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్" అని ఉందా, "ఫర్ ఇన్ఫర్మేషన్" అని ఉందా. గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్ అయ్యుండి హోల్డ్ ఉంటే, ఆ మేఘం ఏ గ్రిడ్‌ల మధ్య ఉందో, అందులో ఎన్ని బీములు ఉన్నాయో చూడండి. హోల్డ్ బయట ఉన్న భాగానికి బీబీఎస్ మొదలుపెట్టగలిగితే మొదలుపెట్టాలి, లేకపోతే మీరు ఆలస్యాన్ని తగ్గించే ప్రయత్నం చేయలేదంటారు. తర్వాత స్లాబ్ పోర్ ప్లాన్ చూడండి. హోల్డ్ ఉన్న బీములు మొదటి పోర్‌లో ఉంటే ఆలస్యం మొదటి పోర్ నుంచే మొదలు. రెండో పోర్‌లో ఉంటే ఆ పోర్‌కి స్టీల్ ఎప్పుడు కావాలో అక్కడి నుంచి 25 రోజులు వెనక్కి లెక్కపెట్టండి, అదే మీ కొత్త కావాల్సిన తేదీ. డ్రాయింగ్ అందిన రెండు రోజుల్లోనే రాయండి: "ఫలానా డ్రాయింగ్ ఆర్-జీరో, గ్రిడ్ సి నుంచి ఎఫ్ వరకు హోల్డ్‌తో అందింది. ఆ భాగానికి దీన్ని నిర్మాణ డ్రాయింగ్‌గా పరిగణించలేము. హోల్డ్ ఫలానా తేదీలోగా తొలగించకపోతే ఫలానా పని ఆలస్యమవుతుంది." ఇది మళ్లీ 1.9 కింద హెచ్చరికే. హోల్డ్ తీసి ఆర్-వన్ వచ్చినప్పుడు దాన్ని పాత దానితో పక్కపక్కన పెట్టి చూడండి, ఎందుకంటే చాలాసార్లు హోల్డ్ తీసేటప్పుడు మేఘం బయట ఉన్న బీముల్లో కూడా రాడ్ల వ్యాసం మార్చేస్తారు, దాన్ని మేఘం గీసి చూపించరు. అప్పటికే కట్ చేసిన స్టీల్ ఎన్ని టన్నులో తూకం వేసి, ఫొటో తీసి, కన్సల్టెంట్ సైట్ ఇంజనీర్ సంతకం అదే రోజు తీసుకోండి. ఆ వృథాకి క్లెయిమ్ వేరు, సమయానికి క్లెయిమ్ వేరు. ఈ మార్పు వల్ల వచ్చే రెండింటికీ నోటీసు గడువు ఆర్-వన్ చేతికి వచ్చిన రోజు నుంచే నడుస్తుంది, హోల్డ్ వల్ల పోయిన సమయానికి మాత్రం ముందు చెప్పినట్టు కావాల్సిన తేదీ దాటిన రోజు నుంచే లెక్కపెట్టండి.